ఏది అసలు ఫైనల్?

పెళ్లయి నెల దాటింది. హాల్లో టీవీ ముందు అందరూ చేరారు. అమ్మమ్మకు కుర్చీ వేశారు. పిల్లలు చాప మీద కూర్చున్నారు. వీడియో మొదలైంది. ఎదుర్కోళ్లు వచ్చాయి, జీలకర్ర బెల్లం వచ్చింది, తలంబ్రాలు వచ్చాయి. భోజనాల దగ్గర మేనమామ అలిగిన ముచ్చటా వచ్చింది. ఆ తర్వాత ఒక్కసారిగా బరాత్!

‘‘మరి అప్పగింతలేవి?’’ అంది పెళ్లికూతురి తల్లి.

స్టూడియోకు ఫోన్ చేశారు. ‘‘తీసినం అక్కా, రెండు కెమెరాలతోని తీసినం. మిక్సింగ్‌ల ఎక్కడనో పోయి ఉంటది. చూసి చెప్త’’ అన్నాడు అవతలి మనిషి. వెతికారు. కార్డులో లేదు, కంప్యూటర్లో లేదు. కూతురి చేతిని అత్తవారి చేతిలో పెడుతూ తండ్రి కన్నీళ్లు పెట్టుకున్న ఆ పావుగంట ఇక ఎక్కడా లేదు.

ఇది ఊహించి చెప్పిన కథే. కానీ పెళ్లిళ్ల వీడియోలు తీసేవాళ్లకు ఇదేమీ వింతగా అనిపించదు. కెమెరా బాగానే పనిచేసింది, తీసినవాళ్లూ పనిమంతులే. పోయింది మాత్రం ఒక ఫోల్డర్ దగ్గర, ఒక పేరు దగ్గర. ఎలా పోయిందో, పోకుండా ఉండాలంటే ఏం చేయాలో ఈ పెళ్లినే పట్టుకుని చూద్దాం.

అమ్మాయిది కామారెడ్డి, అబ్బాయిది ఎల్లారెడ్డి అనుకుందాం. పెళ్లి కామారెడ్డిలోని ఫంక్షన్ హాల్లో, మర్నాడు వ్రతం, విందు ఎల్లారెడ్డిలో. వీడియో ఒప్పుకున్నది కామారెడ్డి స్టూడియో. అక్కడి కెమెరామన్ పెళ్లి తంతంతా తీస్తాడు. ఎల్లారెడ్డి నుంచి వచ్చిన కుర్రాడు క్యాండిడ్ తీస్తాడు. డ్రోన్ ఇంకొకరిది. మిక్సింగ్ చేసేది ఎల్లారెడ్డిలోని ఎడిటర్. అంటే ఒక్క పెళ్లికి నాలుగు జతల చేతులు, రెండు ఊళ్లు, అరడజను మెమరీ కార్డులు.

ఒకే పేరు, రెండు వీడియోలు

కెమెరా తాను తీసిన ప్రతి ముక్కకూ తనే పేరు పెట్టుకుంటుంది. సోనీ కెమెరాల్లో చాలావాటిలో మొదటి ముక్క C0001.MP4, రెండోది C0002.MP4. రెండు సోనీ కెమెరాలతో తీస్తే రెండింటిలోనూ C0001 ఉంటుంది. సెట్టింగును బట్టి కొన్నిసార్లు కార్డు మార్చగానే అదే కెమెరా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది కూడా. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలకూ ‘చిన్నోడు’ అనే పేరు పెట్టినట్టన్నమాట.

మన కథలో జరిగింది ఇదే. రాత్రి రెండింటికి హాలు నుంచి వచ్చిన కుర్రాడు మొదటి కార్డును New folder అనే దాంట్లోకి కాపీ చేశాడు. రెండో కార్డునూ అందులోకే లాగాడు. అదే పేరుతో ఫైళ్లున్నాయి, ఏం చేయమంటావని విండోస్ అడిగింది. నిద్రమత్తులో పై వరుసలో కనిపించిన Replace the files in the destination మీద నొక్కాడు. మొదటి కార్డులోని అప్పగింతల మీద రెండో కార్డులోని భోజనాలు వచ్చి కూర్చున్నాయి. మర్నాడు ఇంకో పెళ్లి ఉంది కాబట్టి కార్డులు ఫార్మాట్ చేశాడు. అంతే.

మీద ఇంకో ఫైలు పడిన తర్వాత రీసైకిల్ బిన్‌లో వెతికినా పాతది దొరకదు. కార్డును మళ్లీ వాడకుండా పక్కన పెట్టి ఉంటే, ఫార్మాట్ అయినా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఎంతో కొంత తీసే వీలుండేది. దాని మీద కొత్త పెళ్లి తీసేసరికి ఆ దారీ మూసుకుపోయింది.

ముందు అరలు, తర్వాత సామాను

దీనికి మందు షూటింగుకు ముందే ఉంది. కార్డులు రాకముందే, ఖాళీ కంప్యూటర్లోనే ఫోల్డర్లన్నీ తయారుచేసి పెట్టుకోవాలి. కిరాణా కొట్టులో పప్పుల డబ్బాకు ముందే చీటీ అంటించినట్టు. మన పెళ్లికి అది ఇలా ఉండొచ్చు:

```
2026-02-20_KMR-YLR_Pelli
  01_Original
    D1_KMR_CamA_Card1
    D1_KMR_CamB_Card1
    D1_KMR_CamB_Card2
    D1_KMR_Drone_Card1
    D2_YLR_CamA_Card1
  02_Audio
  03_Project
  04_Photos_Titles
  05_Output
```

ఇందులో ప్రతి కార్డుకూ ఒక సొంత గది ఉంది. పదిచోట్ల C0001 ఉన్నా అవి ఒకదాన్నొకటి చూసుకోవు. D1 అంటే మొదటి రోజు, KMR అంటే కామారెడ్డి, CamB అంటే క్యాండిడ్ కుర్రాడి కెమెరా. ఆరు నెలల తర్వాత తెరిచినా ఎవరినీ అడగాల్సిన పనిలేదు.

తేదీని ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజుగా రాయడంలోనూ ఓ సుఖం ఉంది. మనకు అలవాటైన 20-02-2026 పద్ధతిలో రాస్తే, కంప్యూటర్ పేర్ల వరుసలో పేర్చినప్పుడు అన్ని నెలల ఇరవయ్యో తేదీలూ ఒకచోట చేరతాయి. సంవత్సరం ముందుంటే పెళ్లిళ్లన్నీ జరిగిన వరుసలోనే నిలబడతాయి. పేర్లలో ఖాళీలకు బదులు చిన్న గీతలు పెట్టడం మేలు. ప్రశ్నార్థకం, కోలన్, నక్షత్రం గుర్తులను విండోస్ పేర్లలో ఒప్పుకోదు. వాటి జోలికి పోవద్దు.

కార్డులోంచి వీడియో ముక్కలను మాత్రమే ఏరుకోకుండా కార్డు మొత్తాన్ని ఉన్నదున్నట్టు దించాలి. కొన్ని రకాల రికార్డింగులో పెద్ద ముక్కను కెమెరా రెండుమూడు ఫైళ్లుగా విరుస్తుంది. వాటిని కలిపి చదవడానికి కావలసిన వివరం పక్క ఫోల్డర్లలోని చిన్న ఫైళ్లలో ఉంటుంది. పనికిరానివి కదా అని వాటిని వదిలేస్తే, తర్వాత అతుకుల దగ్గర మాట తెగొచ్చు.

ఇంకో రెండు కట్టుబాట్లు. కట్ చేసి పేస్ట్ చేయడం ఎప్పుడూ వద్దు, కాపీయే చేయాలి. మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ ఊడినా కార్డులోది అలాగే ఉంటుంది. కాపీ అయ్యాక కార్డు మీదా, ఫోల్డర్ మీదా కుడి బటన్ నొక్కి Properties తెరిచి, ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు సరిపోయాయో లేదో చూడాలి. పైపైన కాకుండా ఖాయంగా తేల్చుకోవాలంటే ఈ కమాండ్ ఉంది:

```
certutil -hashfile C0001.MP4 SHA256
```

ఇది ఫైలు మొత్తాన్ని చదివి దానికో పొడవాటి అంకెల ముద్ర ఇస్తుంది. కార్డులో ఉన్నదానికీ కాపీకీ ఒకే ముద్ర వస్తే రెండూ అచ్చంగా ఒకటే. వందల ఫైళ్లకు ఇలా విడివిడిగా చూడటం కుదరదు కాబట్టి, కాపీ చేస్తూనే సరిచూసే సాఫ్ట్‌వేర్లు వాడతారు. ఏం వాడినా చివర్లో రెండుమూడు ముక్కలు తెరిచి, చివరి నిమిషం దాకా జరిపి చూడటం మానొద్దు. రెండు డిస్కుల్లో కాపీ పడి, రెండూ సరిచూసుకున్న తర్వాతే కార్డు ఫార్మాట్ చేయాలి.

తెర ఎర్రబడిందంటే...

ఇప్పుడు డిస్కు బస్సెక్కి ఎల్లారెడ్డి ఎడిటర్ దగ్గరకు చేరింది. ‘‘గంత దూరం పట్టుకొచ్చుడెందుకు, నెట్‌ల పంపరాదా?’’ అనిపించొచ్చు. లెక్క చూద్దాం. పెళ్లి కెమెరా 8 గంటలు నడిచింది. సెకనుకు 50 మెగాబిట్ల నాణ్యత అయితే 180 జీబీ. క్యాండిడ్ 3 గంటలు, దాని నాణ్యత రెట్టింపు, అది 135 జీబీ. డ్రోన్ 40 నిమిషాలకు మరో 30. మొత్తం 345 జీబీ. అప్‌లోడ్ వేగం సెకనుకు 50 మెగాబిట్లు ఆగకుండా వచ్చినా 15 గంటలకు పైనే పడుతుంది. దానికన్నా బస్సే నయం.

ఎడిటర్ ప్రాజెక్టు తెరిచాడు. తెర మీద ఎర్రగా Media Offline! వీడియోలు పోయాయేమోనని గుండె జారుతుంది. నిజానికి ఏమీ పోలేదు. ఇక్కడ ఒక సంగతి తెలియాలి. ప్రీమియర్ అయినా, ఎడియస్ అయినా ప్రాజెక్టు ఫైలులో వీడియో ఉండదు. ఏ ముక్కను ఎక్కడ కోయాలి, దేని తర్వాత ఏది రావాలి, ఆ ముక్క ఏ డిస్కులో ఏ ఫోల్డర్లో ఉంది అనే రాత మాత్రమే ఉంటుంది. శుభలేఖలో చిరునామా ఉంటుంది కానీ ఇల్లు ఉండదు కదా! కామారెడ్డి కంప్యూటర్లో E: అని కనిపించిన డిస్కు ఎల్లారెడ్డిలో G: అయింది. చిరునామా తప్పింది.

లోపలి ఫోల్డర్లు మారకుండా ఉంటే ఇది అరనిమిషం పని. ఒక్క ఫైలు ఎక్కడుందో చూపిస్తే, అదే వరుసలో ఉన్న మిగతావాటిని ప్రీమియర్ తనే వెతుక్కుంటుంది. ఎవరో సర్దుదామని మధ్యలో ముక్కల పేర్లు మార్చినా, ఫోల్డర్లు కలిపినా మాత్రం వందల ముక్కలను చేత్తో వెతకాలి. ఒకే పేరు ముక్కలున్నచోట తప్పు ముక్క వచ్చి అతుక్కునే ప్రమాదమూ ఉంది. మాంగళ్యధారణ పాటకు వంటవాళ్లు కనిపిస్తే కారణం ఇదే కావచ్చు. అందుకే 01_Original అనే ఫోల్డర్లో ఒకసారి దించాక ఎవరూ పేరు మార్చకూడదు, తీయకూడదు, కలపకూడదు. సర్దుకోవడాలన్నీ ప్రాజెక్టు లోపలే.

ఫైనల్, ఫైనల్2, అసలు ఫైనల్

మొదటి కూర్పు అయ్యింది. ఇంటివాళ్లు చూశారు. ‘‘పెద్దనాన్న కట్నం చదివించింది లేదు’’, ‘‘ఆ పాట తీసేయండి.’’ మార్పులు మొదలవుతాయి. ఫోల్డర్లో final, final2, final_last, asal_final అని వరసగా పుట్టుకొస్తాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఏది ఎక్కించాలో ఎవరికీ తెలియదు.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఈ తలనొప్పిని ఎప్పుడో పట్టించుకున్నారు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన గిట్ అనే సాధనం, ఎవరు ఏ వాక్యం ఎప్పుడు మార్చారో మొత్తం గుర్తుపెట్టుకుంటుంది. ఇద్దరు వేర్వేరుగా చేసిన మార్పులను కలుపుతుంది కూడా. వీడియోకు దాన్నే వాడొచ్చు కదా అంటే కుదరదు. గిట్ పోల్చి కలిపేది అక్షరాలను. వీడియో దానికి ఒక పెద్ద బండరాయి. గిట్‌హబ్ అయితే 100 ఎంబీ దాటిన మామూలు ఫైలును తీసుకోదు. కాబట్టి పనిముట్టు కుదరకపోయినా అందులోని పద్ధతిని తెచ్చుకోవాలి. అది కష్టమేమీ కాదు.

వీడియో ముక్కలు మారవు, మారేది ప్రాజెక్టు ఫైలు ఒక్కటే. అది ఆ 345 జీబీ ముందు ఆవగింజంత. అందుకని రోజూ పని మొదలుపెట్టేముందు దాన్ని కొత్త సంఖ్యతో సేవ్ చేసుకుంటే చాలు:

```
KMR-YLR_Pelli_v03_2026-03-02.prproj
KMR-YLR_Pelli_v04_2026-03-05.prproj
```

పాతదాని మీద ఎప్పుడూ రాయకూడదు. v03లోని పాటే బాగుందని అమ్మాయి తరఫువాళ్లు అంటే వెనక్కి వెళ్లొచ్చు. బయటికి తీసిన వీడియోకూ అదే సంఖ్య పెట్టాలి. ‘‘v04లో 32వ నిమిషం దగ్గర’’ అని ఇంటివాళ్లు ఫోన్లో చెబితే ఎడిటర్‌కు వెంటనే తెలుస్తుంది. సంఖ్య ముందు సున్నా ఎందుకంటే, కొన్ని టీవీలూ సాఫ్ట్‌వేర్లూ 10ని 2 కన్నా ముందు చూపిస్తాయి. 02, 10 అని రాస్తే ఆ గొడవ లేదు. అదే ఫోల్డర్లో marpulu.txt అని ఒక చిన్న ఫైలు పెట్టుకుని, ఏ సంఖ్యలో ఎవరు ఏం మార్చారో ఒక్కో వాక్యం రాస్తే ఇక చిట్టా పుస్తకం ఉన్నట్టే.

ఇద్దరు పనిచేసేటప్పుడు ఒకే నియమం. బీరువా తాళంచెవి ఒకటే. కామారెడ్డిలో v04 తెరిచి టైటిళ్లు చేస్తుంటే, ఎల్లారెడ్డిలో అదే v04 తెరిచి పాట మార్చకూడదు. మారిస్తే రెండు v05లు పుడతాయి. ఒకదాంట్లో టైటిళ్లుంటాయి, ఇంకోదాంట్లో పాట ఉంటుంది, రెండూ ఉన్నది ఎక్కడా ఉండదు. ‘‘తమ్మీ, ఇప్పుడు నా దగ్గరున్నది. రాత్రికి పంపుత, అప్పటిదాకా ముట్టకు’’ అన్న ఫోను ఆ గొడవను ఆపుతుంది. ఇద్దరూ ఒకేసారి చేయక తప్పదంటే పని విడగొట్టుకోవాలి. పెళ్లి ఒకరిది, వ్రతం, విందు ఇంకొకరిది. రెండు వేర్వేరు ప్రాజెక్టులుగా చేసి చివర్లో ఒకటిగా కలపొచ్చు.

పిక్సార్ కూడా తప్పించుకోలేదు

ఇవన్నీ చిన్న స్టూడియోల తిప్పలే అనుకుంటే పొరపాటు. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థ ‘టాయ్ స్టోరీ 2’ తీస్తోంది. ఒకరోజు సిబ్బందిలో ఎవరో సినిమా ఫైళ్లున్నచోట, ఉన్నవన్నీ తుడిచేసే కమాండ్ ఇచ్చారు. ఓరెన్ జాకబ్ అనే సాంకేతిక నిపుణుడూ ఆయన సహచరులూ తెర మీద చూస్తుండగానే పాత్రల ఫైళ్లు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. ఫోన్ చేసి, కంప్యూటర్ ప్లగ్ పీకేయమని అరిచారు. అప్పటికే సినిమాలో 90 శాతం దాకా పోయింది.

బ్యాకప్ ఉంది కదా అనుకున్నారు. తెరిచి చూస్తే అది కొన్ని వారాలుగా సరిగ్గా పనిచేయడం లేదు. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఎవరూ తెరిచి చూడలేదు. అప్పుడు గుర్తొచ్చింది, పర్యవేక్షక సాంకేతిక దర్శకురాలు గ్యాలిన్ సస్మన్ బాలింత అని, ఇంటి దగ్గర్నుంచి పనిచేయడానికి సినిమా కాపీ ఒకటి ఆమె ఇంట్లో ఉందని. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో పెట్టి, సీటు బెల్టు కట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చారు. అందులోనివీ, మిగిలిన ముక్కలూ పోల్చుకుంటూ సినిమాను తిరిగి నిలబెట్టారు. తర్వాత కథ నచ్చక పిక్సారే చాలా భాగాన్ని మళ్లీ చేసింది, అది వేరే సంగతి. 1999 నవంబరులో సినిమా విడుదలైంది.

కాపాడింది ఎవరో ప్లాన్ చేసిన బ్యాకప్ కాదు, వేరేచోట ఉన్న ఇంకో కాపీ.

మూడు, రెండు, ఒకటి

ఆ అనుభవసారాన్నే ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ సులువుగా గుర్తుండే లెక్కగా ప్రచారంలోకి తెచ్చారు. మూడు కాపీలుండాలి, కనీసం రెండు రకాల పరికరాల మీద ఉండాలి, ఒకటి వేరేచోట ఉండాలి. మన పెళ్లికైతే కామారెడ్డి స్టూడియో కంప్యూటర్లో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, ఎల్లారెడ్డి ఎడిటర్ దగ్గర ఒకటి. రెండు ఊళ్లు కాబట్టి ‘వేరేచోటు’ కూడా అయినట్టే అనిపిస్తుంది.

అయితే 2025 ఆగస్టు 27, 28 తేదీలను ఈ జిల్లావాళ్లు మరిచిపోలేరు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు నీట మునిగాయి. రోడ్లు తెగాయి, రైలు కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. ఎల్లారెడ్డి వైపూ వాగులు పొంగాయి. కింది అంతస్తులో, బల్ల కింద పెట్టిన కంప్యూటర్‌కు అలాంటి రోజు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒకే వాన రెండు ఊళ్లనూ తడిపింది కాబట్టి, మూడో కాపీ ఈ రెండు ఊళ్లకూ దూరంగా ఉండాలి. హైదరాబాద్‌లోని బంధువుల ఇంట్లో హార్డ్ డిస్కు అయినా ఫర్వాలేదు. 345 జీబీ నెట్‌లోకి ఎక్కించడం భారమైతే, కనీసం ప్రాజెక్టు ఫైలూ పూర్తయిన వీడియో అయినా ఎక్కించాలి.

ఇక్కడో చిన్న మెలిక. కంప్యూటర్లో మార్చింది మార్చినట్టు నెట్‌లోకి వెళ్లే ఫోల్డరుంటే అదే బ్యాకప్ అనుకుంటారు చాలామంది. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. గూగుల్ డ్రైవ్ అయితే చెత్తబుట్టలో 30 రోజులుంచి తర్వాత తుడిచేస్తుంది. అది అద్దంలాంటిది. మీరు పడితే అదీ పడుతుంది. బ్యాకప్ అంటే తీసి, కేబుల్ ఊడదీసి, పక్కన పెట్టింది. మూడు నెలలకోసారి దాన్ని తగిలించి, ఎక్కడో మధ్యలోంచి ఒక ముక్క తెరిచి చూడాలి. పిక్సార్ చేయనిది అదే.

ఇంటివాళ్లూ అడగాలి

వీడియో మాట్లాడుకునేటప్పుడు డ్రోన్ ఎన్ని నిమిషాలు, ఆల్బమ్ ఎన్ని షీట్లు అని అడుగుతాం. ఇంకో రెండు ప్రశ్నలు కలుపుకోండి. ‘‘తీసిన ఒరిజినల్ ఎన్నాళ్లు ఉంచుతారు? అది మాకు ఇస్తారా?’’ వచ్చే పెళ్లిళ్లకు చోటు కావాలి కాబట్టి ఏ స్టూడియో అయినా ఎప్పుడో ఒకప్పుడు తుడవక తప్పదు. ముందే చెబితే ఒక హార్డ్ డిస్కు మీరే కొనిచ్చి అన్నీ వేయించుకోవచ్చు. అప్పుడు మీ బీరువా కూడా ఒక బ్యాకప్ అవుతుంది.

చుట్టాల ఫోన్లలో ఉన్నవాటిని కూడా వీడియోలో కలపమని అడుగుతుంటారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నాణ్యత తగ్గిపోతుంది, పేరు కూడా VID-20260220-WA0001.mp4 లాగా మారిపోతుంది. ఎవరు తీశారో తెలియదు. డాక్యుమెంట్‌గా పంపమనండి. నాణ్యత తగ్గదు. పంపినవాళ్ల పేరుతో ఒక్కో ఫోల్డర్ చేసి ఎడిటర్‌కివ్వండి.

మన కథలో అప్పగింతలు దొరికే దారి ఏదైనా మిగిలి ఉందంటే అది ఇదే. ఆ సమయంలో పక్కన నిలబడి చిన్నమ్మ కొడుకు తన ఫోన్లో ఓ రెండు నిమిషాలు తీసి ఉండొచ్చు. అడిగి చూడాలి, అతను ఫోన్ మార్చకముందే.